నాలుగేళ్లు కట్టినా అసలు తరగలేదు, ఇప్పుడు 5 లక్షలు కడితే?

మేం హైదరాబాద్‌లో ఉంటాం. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను స్కూల్ టీచర్‌ని. నాలుగేళ్ల కిందట ఫ్లాట్ కోసం 40 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాం. 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ, ఫ్లోటింగ్ రేటు. నెలకు 34,713 రూపాయల ఈఎంఐ ఒక్కసారి కూడా తప్పకుండా కట్టాం. మొన్న స్టేట్‌మెంట్ తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇప్పటికి 16 లక్షల 66 వేలు కట్టాం. అందులో అసలు కింద పోయింది 3 లక్షల 63 వేలే. ఇంకా 36 లక్షల 37 వేలు బాకీ. పుట్టింటి స్థలం అమ్మితే నా వాటాకు 5 లక్షలు వచ్చాయి. వాటిని లోన్‌కి కట్టేద్దామని నేను, పాప చదువుకి ఎఫ్‌డీ వేద్దామని ఆయన. పాప తొమ్మిదో తరగతి. లోన్ తీర్చేస్తే ట్యాక్స్ మినహాయింపు కూడా పోతుందంటున్నారు. మా మరిదేమో "వడ్డీ అంతా బ్యాంకు ముందే లాగేసుకుంది, ఇప్పుడు కట్టినా లాభం లేదు వదినా" అంటున్నాడు. బ్యాంకుకి వెళ్తే అక్కడి అమ్మాయి "ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చేశాను. మాకు వేరే అప్పులు లేవు. చేతిలో పొదుపు కూడా పెద్దగా లేదు.
– ఒక పాఠకురాలు

అమ్మా, ముందు మీ మరిది మాట సంగతి చూద్దాం. మిగతా చిక్కులన్నీ దాని వెనకాలే ఉన్నాయి. ఆ మాట నేను లోన్ సెక్షన్‌లో పనిచేసిన రోజుల్లో వారానికి నాలుగుసార్లు వినేవాడిని. చూడ్డానికి నిజంలాగే ఉంటుంది, కానీ కాదు. బ్యాంకు ఏ నెల వడ్డీ ఆ నెలే తీసుకుంటుంది. రాబోయే నెలల వడ్డీలో ఒక్క రూపాయి కూడా మీ దగ్గర ముందుగా తీసుకోలేదు.

ఊరి లెక్కలో చెబుతాను. ఏడాదికి 8.5 శాతం అంటే నూటికి నెలకు 71 పైసల వడ్డీ, కచ్చితంగా అయితే 70.83 పైసలు. మొదటి నెల మీరు వాడుకున్నది 40 లక్షలు. దాని మీద ఆ నెల వడ్డీ 28,333. మీరు కట్టింది 34,713. వడ్డీ పోగా మిగిలిన 6,380 అసలులో జమ అయింది. రెండో నెల బాకీ 6,380 తగ్గింది కాబట్టి వడ్డీ 45 రూపాయలు తగ్గి 28,288 అయింది. ఆ 45 రూపాయలు అసలు వైపు జరిగి 6,425 అయ్యాయి. మూడో నెల ఇంకో 45. ఇలా మొదట్లో నెలకు నలభై, యాభై రూపాయల చొప్పున, పోనుపోను ఇంకా ఎక్కువగా వడ్డీ భాగం తగ్గుతూ, అసలు భాగం పెరుగుతూ పోతుంది. ఈఎంఐ మాత్రం కదలదు. పక్షపాతం, మోసం ఏమీ లేవు. అప్పు పెద్దదిగా ఉన్న రోజుల్లో వడ్డీ పెద్దదిగా ఉంటుంది, అంతే.

కాకపోతే ఈ నడక చాలా నెమ్మది. మీ లోన్‌లో అసలు భాగం వడ్డీ భాగాన్ని మొదటిసారి దాటేది 143వ వాయిదాలో. అంటే పన్నెండో ఏడాది చివర. 40 లక్షల్లో సగం, అంటే 20 లక్షలు తీరేసరికి 166 నెలలు పడుతుంది. పద్నాలుగేళ్లకు రెండు నెలలు తక్కువ. మిగతా సగం ఆ తర్వాతి ఆరేళ్ల రెండు నెలల్లో తీరిపోతుంది. అందుకే నాలుగేళ్లప్పుడు స్టేట్‌మెంట్ తీసిన ప్రతి ఒక్కరికీ మీకు అయినట్టే అవుతుంది. రేటు మొదటి నుంచీ 8.5 గానే ఉందనుకుని ఈ లెక్కలు వేశాను. మీరు రాసిన అంకెలు దానికి సరిపోతున్నాయి.

ఇప్పుడు మీ 5 లక్షల సంగతి. లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు ఒక పట్టిక ఇస్తుంది, రీపేమెంట్ షెడ్యూల్ అంటారు. 240 వరుసలు. ప్రతి వరుసలో ఆ నెల వడ్డీ, ఆ నెల అసలు, మిగిలిన బాకీ ఉంటాయి. చాలామంది దాన్ని డాక్యుమెంట్ల కవర్లో పెట్టి మళ్లీ తీయరు. మీరు తీయండి. 48 వరుసలు అయిపోయాయి, వచ్చే నెలది 49వ వరుస. అక్కడ వడ్డీ 25,761, అసలు 8,952 అని ఉంటుంది. 49 నుంచి కిందికి అసలు కాలమ్‌లోని అంకెలు ఒక్కొక్కటే కూడుకుంటూ రండి. 8,952, తర్వాతది 9,016, ఇలా. 95వ వరుస దగ్గరికి వచ్చేసరికి మొత్తం 4 లక్షల 97 వేలు అవుతుంది. అంటే మీ 5 లక్షలు ఈ 47 వరుసల్లోని అసలును ఒకేసారి కట్టేసినట్టు. ఆ అసలు లేనప్పుడు దాని పక్కన ఉన్న వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ 47 వరుసల వడ్డీ కాలమ్ కూడా కూడి చూడండి, 11 లక్షల 34 వేలు. ఆ డబ్బు మీరు ఇక కట్టక్కర్లేదు. వచ్చే నెల మీరు నిలబడేది 49వ వరుసలో కాదు, దాదాపు 96వ వరుసలో. వడ్డీ 22,219, అసలు 12,494. ఇంకా 192 నెలలు కట్టాల్సిన లోన్ 145 నెలల్లో, అంటే పన్నెండేళ్ల ఒక నెలలో ముగుస్తుంది. పార్ట్ పేమెంట్‌తో గడువు తగ్గడం అంటే ఇదే. వరుసలు దాటేయడం.

మీ మరిది మాటలో నిజం పాలు ఎంతంటే, ఆలస్యమైన కొద్దీ దాటగలిగే వరుసలు తగ్గుతాయి. ఇదే 5 లక్షలు పన్నెండో ఏడాది చివర కట్టారనుకోండి. అప్పటికి ఒక్కో వరుసలో అసలు 17 వేలు దాటి ఉంటుంది. కాబట్టి 5 లక్షలకు 26 వరుసలే దాటగలరు. ఆదా అయ్యే వడ్డీ సుమారు 4 లక్షలు. లాభం లేదని కాదు, తక్కువ. మీరు నాలుగో ఏటే ఉన్నారు కాబట్టి ఆయన మాట మీకు అసలు వర్తించదు.

బ్యాంకులో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. గడువు తగ్గించమంటే పైన చెప్పినట్టే జరుగుతుంది. ఈఎంఐ 34,713 గానే ఉంటుంది, 47 నెలలు తగ్గుతాయి, వడ్డీ 11 లక్షల పైచిలుకు మిగులుతుంది. ఈఎంఐ తగ్గించమంటే గడువు 192 నెలలు అలాగే ఉండి, ఈఎంఐ 29,941 అవుతుంది. నెలకు 4,772 తక్కువ. 192 నెలలకు అది 9 లక్షల 16 వేలు. మీరు కట్టిన 5 లక్షలు తీసేస్తే వడ్డీలో మిగిలేది 4 లక్షల 16 వేలు. పదకొండు ఎక్కడ, నాలుగు ఎక్కడ అనిపిస్తుంది. చాలామంది సలహాదారులు ఇక్కడితో ఆగిపోయి గడువే తగ్గించుకోమంటారు.

కానీ ఈ పోలికలో చిన్న మెలిక ఉంది. రెండో దారిలో ప్రతి నెలా 4,772 మీ చేతిలో మిగులుతున్నాయి కదా, వాటిని లెక్కలో వేయలేదు. ఆ 4,772ని మీరే ప్రతి నెలా తిరిగి లోన్‌లో కడుతూ పోతే, లోన్ అదే 145 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ కూడా అంతే మిగులుతుంది. రూపాయి తేడా రాదు. మరి తేడా ఎక్కడంటే, బలవంతంలో. గడువు తగ్గించుకుంటే 34,713 కట్టి తీరాలి. ఈఎంఐ తగ్గించుకుంటే 29,941 కడితే చాలు, మిగతాది మీ ఇష్టం. మీ ఆయనది ప్రైవేటు ఉద్యోగం అన్నారు. రేపు ఆరు నెలలు జీతం ఆగితే, నెలకు 4,772 తక్కువ కట్టే వెసులుబాటు చిన్నది కాదు. అయితే, నిజం చెప్పాలంటే, మిగిలిన డబ్బును ప్రతి నెలా గుర్తుపెట్టుకుని లోన్‌లో వేసేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. పైగా పార్ట్ పేమెంట్ ఇంత మొత్తానికి తగ్గకూడదని కొన్ని బ్యాంకులు నియమం పెడతాయి, నెలనెలా చిన్న మొత్తం తీసుకోకపోవచ్చు. మీ సంగతి మీకే తెలుసు. చేతిలో డబ్బు ఉంటే నిలవదు అనుకుంటే గడువు తగ్గించుకోండి. మీ ఇంట్లో ఉద్యోగ భయం ఎక్కువైతే ఈఎంఐ తగ్గించుకోవడంలో తప్పు లేదు.

ఎఫ్‌డీ విషయంలో మీ ఆయన మాట తీసిపారేయలేను, కానీ ఆయన చెప్పిన కారణం ఒకటి, నాకు కనిపించే కారణం ఇంకొకటి. ఎఫ్‌డీ ఏడు శాతం ఇచ్చిందనుకుందాం. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే పన్ను పోగా చేతికి వచ్చేది సుమారు ఐదున్నర. లోన్ తీర్చితే మిగిలేది ఎనిమిదున్నర, దాని మీద పన్ను లేదు. 5 లక్షల మీద ఏడాదికి 15 వేల తేడా. అంటే రాబడి లెక్కలో ఎఫ్‌డీ గెలవదు.

ట్యాక్స్ భయం కూడా మీ విషయంలో పెద్దగా నిలవదు. కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపే లేదు, పోయేదేమీ లేదు. పాత విధానంలో ఉంటే వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకే మినహాయింపు. రాబోయే ఏడాది మీరు కట్టబోయే వడ్డీ 3 లక్షల 5 వేలు. 5 లక్షలు కట్టేశాక కూడా అది 2 లక్షల 61 వేలు ఉంటుంది. 2 లక్షల గీత దాటే ఉంది కదా. ఇల్లు, లోన్ రెండూ ఇద్దరి పేరా ఉండి, ఇద్దరూ పాత విధానంలో చెరో 2 లక్షల వరకు చూపించుకుంటుంటే మాత్రం తగ్గిన 44 వేల వడ్డీకి మినహాయింపు పోతుంది. 20 శాతం శ్లాబులో అది తొమ్మిది వేల రూపాయల పన్ను. 44 వేల వడ్డీ మిగిలించుకోవడానికి 9 వేలు పోయాయని బాధపడక్కర్లేదు.

మీ ఆయన మాటలో నాకు బరువుగా కనిపించేది పాప చదువు. తొమ్మిదో తరగతి అంటే రెండేళ్లలో ఇంటర్, ఆ తర్వాత రెండేళ్లకు ఇంజినీరింగో మరొకటో. లోన్‌లో కట్టిన డబ్బు గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చేసినట్టు. మళ్లీ కావాలంటే టాప్-అప్ లోన్ అడగాలి. ఇవ్వాలా వద్దా అనేది అప్పటి జీతం చూసి బ్యాంకు నిర్ణయిస్తుంది, రేటు కూడా సాధారణంగా ఎక్కువే ఉంటుంది. ఫీజు కట్టడానికి పర్సనల్ లోన్ దాకా వెళ్తే ఇప్పుడు మిగిలించుకున్నది అక్కడ కారిపోతుంది. మీ దగ్గర వేరే పొదుపు పెద్దగా లేదని మీరే రాశారు. అందుకే 5 లక్షలూ కట్టేయడానికి నాకు చేయి వెనక్కి లాగుతోంది.

మధ్యలో ఒక దారి చూడండి. ఆరు నెలల ఈఎంఐలకు సరిపడా, అంటే సుమారు 2 లక్షలు, ఎఫ్‌డీలో ఉంచి 3 లక్షలు లోన్‌కి కడితే గడువు 192 నుంచి 162 నెలలకు వస్తుంది. 30 వరుసలు దాటినట్టు. ఆదా అయ్యే వడ్డీ సుమారు 7 లక్షల 47 వేలు. దీనికి తోడు ఈఎంఐతో పాటు నెలకు ఇంకో 3,000 వేయగలిగితే లోన్ 140 నెలల్లో తీరిపోతుంది. 5 లక్షలు ఒకేసారి కట్టినప్పటి కంటే ఐదు నెలలు ముందే. మీ జీతంలో ఏటా పెరిగే ఇంక్రిమెంట్‌లోంచి ఆ 3,000 తీయగలరా అన్నది మీరు చూసుకోవాలి. ఆ 2 లక్షలు రెండేళ్లు ముట్టుకోకుండా ఉంటే పాప ఇంటర్ ఫీజుకి ఆసరా అవుతాయి. అప్పటికి అవసరం లేదనిపిస్తే అవి కూడా లోన్‌లో వేయొచ్చు. కాస్త తక్కువ వరుసలు దాటతారు, అంతే. ఇక మీ ఇద్దరి తరఫునా చదువుకి వేరే డబ్బు ఖాయంగా రాబోతుంటే, 5 లక్షలూ కట్టేయడమే లెక్క ప్రకారం అన్నిటికంటే లాభం.

వేరే మొత్తాలు వేసి చూడాలంటే కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచి ఒక గడిలో ఇది కొట్టండి. చివరి అంకె పార్ట్ పేమెంట్ తర్వాత మిగిలే బాకీ. దాన్ని మార్చుకుంటూ పోతే ఎన్ని నెలలు మిగులుతాయో వస్తుంది. ఇక్కడ 5 లక్షలు కట్టాక ఉండే బాకీ పెట్టాను, 144.77 అని చూపిస్తుంది. ఆ చివరి ముక్క నెల చిన్న వాయిదాతో ముగుస్తుంది.

```
=NPER(8.5%/12,-34713,3136800)
```

ఎంత కట్టాలో తేల్చుకున్నాక జాగ్రత్త అంతా కట్టే రోజున ఉండాలి. ఒకసారి నా సొంత లోన్‌కే ఇది జరిగింది. నేను ఆన్‌లైన్‌లో లక్షన్నర వేశాను. అది పార్ట్ పేమెంట్ అని ఎవరూ గుర్తించలేదు. రాబోయే ఈఎంఐలకు అడ్వాన్స్‌గా పక్కన పెట్టారు. అసలు బాకీ మీద వడ్డీ ఎప్పట్లాగే నడిచింది. రెండు నెలల తర్వాత స్టేట్‌మెంట్ చూసి వెళ్లి గొడవపడితే సరిచేశారు. బ్యాంకులో పనిచేసినవాడినే అలా మోసపోయాను, కాబట్టి మీరు ఊరికే డబ్బు వేసి రాకండి. కాగితం మీద రాసివ్వండి. ఫలానా లోన్ ఖాతాలో ఇంత మొత్తం అసలుకు పార్ట్ పేమెంట్‌గా జమ చేయాలి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించాలి అని. లేదా మీరు ఎంచుకున్నది ఈఎంఐ తగ్గింపు అయితే అది. ఏదీ రాయకపోతే బ్యాంకు తనకు అలవాటైనది చేస్తుంది. రాసిచ్చిన కాగితం కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. కొత్త రీపేమెంట్ షెడ్యూల్ కూడా అడగండి. ఈఎంఐ తగ్గించుకుంటే మాత్రం మీ ఖాతాలోంచి నెలనెలా డబ్బు లాగే ఆటో డెబిట్‌లో కొత్త మొత్తం మారిందో లేదో చూసుకోవాలి.

పార్ట్ పేమెంట్‌కి చార్జీ పడుతుందేమోనని టెన్షన్ వద్దు. మీలాంటి వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ల మీద ముందుగా కట్టినందుకు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు అయితే వేరే సంగతి, కానీ మీది ఫ్లోటింగ్ అని రాశారు.

ఫ్లోటింగ్ కాబట్టి ఇంకొక్క మాట. రేటు పెరిగినప్పుడు బ్యాంకులు చాలాసార్లు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పొడిగిస్తాయి. మీరు కష్టపడి దాటిన వరుసలు అలా చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేస్తాయి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, కొంత డబ్బు కడతారా అని మిమ్మల్ని అడగాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఆదేశించింది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు చదవకుండా తీసేయకండి.

డబ్బు కట్టిన తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఒకే ఒక్క అంకె వెతకండి, ఆ నెల వడ్డీ. 5 లక్షలు కట్టి ఉంటే 22,219 దగ్గర ఉండాలి, 3 లక్షలు కట్టి ఉంటే 23,636 దగ్గర. నెల మధ్యలో కడితే ఆ మొదటి నెల కాస్త అటూ ఇటూ రావచ్చు, రెండో నెలకు సరిపోవాలి. అప్పటికీ 25 వేల పైనే కనిపిస్తే మీ డబ్బు అసలులోకి వెళ్లలేదని అర్థం. స్టాంపు వేయించుకున్న ఆ కాపీ పట్టుకుని అదే రోజు బ్యాంకుకి వెళ్లండి.